పదిమందిలో ఆరుగురు నొక్కిన బటన్ మోడల్ అలవాటుగా ఎలా మారుతుంది? రేటింగులు, రివార్డ్ మోడల్ గురించి ఒక సందేహం

శిరీష_అరండల్‌పేట

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఇంటి నుంచే లాంగ్వేజ్ మోడల్ రాసిన తెలుగు జవాబులకు రేటింగ్ ఇచ్చే పని చేస్తున్నాను. ఒక ప్రశ్నకు రెండు జవాబులు పక్కపక్కన కనిపిస్తాయి. రెండింటిలో ఏది మేలో చూసి దాని కింద ఉన్న బటన్ నొక్కాలి.

ఈమధ్య వచ్చిన ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. "మిరప తోట పూత మీద ఉంది, పూలలో నల్ల తామర పురుగు కనిపిస్తోంది, ఏం చేయాలి?" అని ఒక రైతు అడిగినట్టుగా ఉంది. మొదటి జవాబు నాలుగు వాక్యాలే: నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, నత్రజని ఎరువు తగ్గించండి, సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి వెళ్లకండి, మీ దగ్గరి వ్యవసాయ అధికారికి చూపించండి అని ఉంది. రెండో జవాబు రెండు పేజీలు. రైతుకు కృతజ్ఞతలతో మొదలై, బొద్దు అక్షరాల శీర్షికలతో, చుక్కల జాబితాలతో సాగి, ఆ పైరిత్రాయిడ్ మందులనే వారం వారం మార్చి మార్చి కొట్టమని చెప్పింది. ఆ జతను చూసిన పదిమందిలో ఆరుగురు రెండోదాన్నే ఎంచుకున్నారు. మిగిలిన నలుగురిలో నేనొకదాన్ని.

ఆరుకీ నాలుగుకీ తేడా రెండే కాబట్టి మోడల్ మీద దాని ప్రభావం కూడా స్వల్పంగానే ఉంటుందని మా గ్రూపులో అందరూ అంటున్నారు. అది నిజమేనా? నేను నొక్కిన బటన్ చివరికి ఎక్కడికి చేరుతుంది?

బెంజిసర్కిల్_బీటెక్

శిరీష గారూ, మీ గ్రూపువాళ్లు చెప్పినది సబబుగానే ఉంది. మనుషులు ఎంచుకున్న జవాబులను రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ దశలో మోడల్‌కు మళ్లీ చూపిస్తారు, అది వాటిని అనుకరించడం నేర్చుకుంటుంది. వంద జతల్లో అరవైసార్లు పొడవైన జవాబు గెలిస్తే, మోడల్ కూడా దాదాపు అరవైసార్లు పొడవుగా, నలభైసార్లు పొట్టిగా రాస్తుంది. అంటే ప్రజాభిప్రాయం ఎలా ఉందో మోడల్ అలాగే తయారవుతుంది.

కొత్తపేట_మెడికల్స్

మాకు గుంటూరులో మందుల షాపు ఉంది. మ్యాపులో మా షాపుకు కస్టమర్లు ఇచ్చే స్టార్లను కూడా ఈ మోడళ్లు ఇలాగే లెక్కలోకి తీసుకుంటాయా? ఒకరిద్దరు కోపంతో ఒక్క స్టారు ఇచ్చిన దగ్గర్నుంచి మా షాపు పేరు వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తోంది. దానికేమైనా మార్గం ఉంటే చెప్పండి.

పటమట_ఇంజనీరు

మెడికల్స్ గారూ, మీ షాపు స్టార్లు వేరే విషయం. అవి షాపుల వరుసను నిర్ణయించే వ్యవస్థకు సంబంధించినవి. శిరీష గారు అడిగినది మోడల్ ఎలా మాట్లాడాలో నేర్పే రేటింగుల గురించి.

తమ్ముడు బీటెక్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మనుషులు రాసిన మంచి జవాబులను చూపించి అనుకరింపజేసే దశ ఉన్నమాట వాస్తవమే, కానీ అది అంతకుముందు జరిగేది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ దశలో మోడల్ మీరు చూసిన జవాబులను మళ్లీ చదవదు. కొత్త ప్రశ్నలకు తనే కొత్త జవాబులు రాస్తుంది, వాటిని ఏ మనిషీ చూడడు, మార్కులు వేసేది రివార్డ్ మోడల్ అనే ఇంకొక మోడల్. మీ బటన్ చేరేది ఆ రివార్డ్ మోడల్ దగ్గరికి. 2022లో ఓపెన్‌ఏఐ నుంచి వచ్చిన ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పరిశోధన పత్రంలో ఈ ఏర్పాటు స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 40 మంది కాంట్రాక్టు రేటర్లు జవాబులను వరుసలో పెట్టారు, దాదాపు 33 వేల ప్రశ్నల మీద ఆ వరుసలతో రివార్డ్ మోడల్‌ను తయారుచేశారు, ఆ తర్వాత దాదాపు 31 వేల ప్రశ్నల మీద మనిషి రేటింగు లేకుండా మోడల్‌ను ఆ మార్కులతోనే దిద్దారు.

రివార్డ్ మోడల్ ప్రతి జవాబుకూ ఒక అంకె ఇస్తుంది. రెండు జవాబుల అంకెల మధ్య తేడాను బట్టి మనుషులు ఏది ఎంచుకుంటారో ఊహించగలిగేలా దానికి శిక్షణ ఇస్తారు. 1952లో బ్రాడ్లీ, టెర్రీ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సూత్రాన్నే ఇందుకు వాడతారు. దాని ప్రకారం పదిమందిలో ఆరుగురు ఒక జవాబు వైపు ఉంటే ఆ రెండింటి మార్కుల తేడా సుమారు 0.4 అవుతుంది. ఇంతవరకూ మీ గ్రూపువాళ్ల మాట నిలుస్తుంది, ఎందుకంటే తేడా నిజంగానే స్వల్పం.

ఆ తర్వాత దశలో కథ మారుతుంది. అక్కడ మోడల్‌కు ఇచ్చే లక్ష్యం మనుషుల ఓట్ల నిష్పత్తిని పాటించడం కాదు, వీలైనంత ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం. ఎక్కువ మార్కులు వచ్చే జవాబు ఏదో తెలిశాక, తక్కువ వచ్చేదాన్ని నలభైసార్లు రాయడానికి దానికి కారణమేమీ ఉండదు. మరీ దూరం పోకుండా ఒక పగ్గం వేస్తారు. మొదటి మోడల్ ధోరణి నుంచి ఎంత దూరం జరిగితే మార్కుల్లో అంత కోత పడుతుంది. ఆ కోత బలాన్ని నిర్ణయించే అంకెను బీటా అంటాం. శిక్షణ పూర్తిగా తన గమ్యం చేరితే రెండు జవాబుల నిష్పత్తి ఎంతవుతుందో మీరే లెక్కవేసి చూడవచ్చు:

```python
import math
gap = math.log(0.6 / 0.4)
for beta in (1.0, 0.2, 0.1):
    print(beta, round(math.exp(gap / beta), 1))
```

మొదట రెండు జవాబులనూ సమానంగా రాయగల మోడల్‌ను తీసుకుందాం. బీటా 1.0 అయితే నిష్పత్తి 1.5 వస్తుంది, అంటే అరవై-నలభై అలాగే నిలుస్తుంది. తమ్ముడు ఊహించినది ఈ ఒక్క సందర్భంలో నిజమవుతుంది. బీటా 0.2 అయితే 7.6 వస్తుంది. 0.1 అయితే 57.7 వస్తుంది, అంటే వందలో తొంభై ఎనిమిదిసార్లు పొడవైన జవాబే. బీటాను 1.0 కంటే బాగా తక్కువగా ఉంచడమే వాడుక. కాబట్టి మీరు నలుగురూ నొక్కిన బటన్లు మోడల్ మాటల్లో వందకు రెండుగా మిగులుతాయి.

సత్యనారాయణపురం_మాస్టారు

నేను గణాంక శాస్త్రం బోధించి రిటైర్ అయినవాణ్ణి. ఇంజనీరు గారి లెక్క సరైనదే, కానీ దాని వెనక ఉన్న షరతులు కూడా పాఠకులకు తెలియాలి. శిక్షణ గమ్యం చేరేదాకా సాగుతుందని ఆయన అనుకున్నారు. ఆచరణలో దాన్ని మధ్యలోనే ఆపుతారు, కాబట్టి 57.7 అనేది పైహద్దుగా చూడవలసిన అంకె. రెండోది ఇంకా ముఖ్యం. ఒక్క జత మీద వచ్చిన పది ఓట్లతో రివార్డ్ మోడల్ ఆ జతకు 0.4 అని గుర్తుపెట్టుకోదు. వేల జతల్లో గెలిచినవాటికి ఉమ్మడిగా ఉన్న లక్షణాలేమిటో అది నేర్చుకుంటుంది. శిరీషమ్మ చూసిన రెండో జవాబులో పొడవు ఉంది, శీర్షికలు ఉన్నాయి, కృతజ్ఞతలు ఉన్నాయి, తప్పుడు మందు కూడా ఉంది. వీటిలో దేనికి మార్కులు పడ్డాయి?

పటమట_ఇంజనీరు

మాస్టారూ, మీరు చెప్పిన రెండు షరతులూ ఒప్పుకుంటాను. గమ్యం చేరకముందే ఆపినా దిశ మాత్రం అదే, మెజారిటీ వైపు వాలు పెరుగుతూనే ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్న దగ్గరే అసలు చిక్కు ఉంది. తప్పుడు మందు అన్న లక్షణం ఈ ఒక్క ప్రశ్నకు సంబంధించినది. పొడవు, శీర్షికలు, ధీమాగా చెప్పే తీరు మాత్రం వంట ప్రశ్నలోనూ కనిపిస్తాయి, చట్టం ప్రశ్నలోనూ కనిపిస్తాయి. అన్నిచోట్లా కనిపించేదాన్ని నేర్చుకోవడం సులువు. అందుకే రివార్డ్ మోడల్ తామర పురుగు గురించి ఏమీ నేర్చుకోకుండానే పొడవుకు మార్కులు వేయడం నేర్చుకుంటుంది.

శిరీష_అరండల్‌పేట

మాస్టారూ, ఇంజనీరు గారూ, ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. మా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మాకు ఇచ్చిన సూచనల్లో పొడవుకు ప్రాధాన్యం ఇవ్వమని ఎక్కడా లేదు. జవాబు సరైనదై ఉండాలని, ఉపయోగపడాలని, హాని చేయకూడదని ఉంది. కానీ ఒక్కో జతకు ఇచ్చే సమయంలో మందుల పేర్లన్నీ వెతికి సరిచూడడం సాధ్యం కాదు. మిరప సాగు తెలియనివారికి రెండు పేజీల జవాబు శ్రద్ధగా రాసినట్టే కనిపిస్తుంది. ఆ ఆరుగురూ నిర్లక్ష్యంగా నొక్కారని నేను అనుకోవడం లేదు. నాకు తప్పు తెలిసింది మా పుట్టింటివారు మిరప వేస్తారు కాబట్టే.

లాం_రైతుబిడ్డ

మాది లాం పక్కనే. శిరీష అక్క చెప్పిన పురుగు సంగతి నాకు బాగా తెలుసు. 2021-22 సీజన్లో ఈ నల్ల తామర పురుగు మా ప్రాంతంలో మిరప తోటలను పూత దశలోనే ఊడ్చేసింది. అది పూలలో దాగి రసం పీలుస్తుంది. పైరిత్రాయిడ్ మందు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చనిపోతాయి, ఆ తర్వాత తామర పురుగు మరింత విజృంభిస్తుంది. రెండో జవాబును నమ్మి వారం వారం కొట్టిన రైతుకు మందు ఖర్చూ పోతుంది, పంటా పోతుంది.

అందుకని నా అభిప్రాయం ఒకటే. మిరప ప్రశ్నకు మిరప తెలిసినవారే రేటింగ్ ఇవ్వాలి, మిగతావారి ఓటును లెక్కలోకే తీసుకోకూడదు. పదిమంది ఓట్లకు బదులు లాం పరిశోధన కేంద్రంలో పనిచేసే ఒక్క శాస్త్రవేత్త ఓటు చాలు.

పటమట_ఇంజనీరు

రైతుబిడ్డ గారి మాటలో న్యాయం ఉంది. వైద్యం, చట్టం, కోడింగ్ వంటి రంగాలకు ఆయా నిపుణులతోనే రేటింగ్ చేయించే పద్ధతి ఇప్పటికే ఉంది. అయినా నిపుణుడు కూడా అలసిపోతాడు, అతనికీ చక్కటి అమరిక నచ్చుతుంది. పైగా అలవాటు ఒక రంగంలో ఆగదు. వంట ప్రశ్నల మీద సాధారణ రేటర్లు నేర్పిన పొడవు, మిరప ప్రశ్నకు కూడా పాకుతుంది.

రివార్డ్ మోడల్‌కు పొడవు పిచ్చి పట్టిందో లేదో తెలుసుకోవడానికి మేము ముందుగా చేసే పరీక్ష చెబుతాను. సరైన పొట్టి జవాబును తీసుకుని, అందులో కొత్త సమాచారం ఏమీ చేర్చకుండా, అదే విషయాన్ని రెండోసారి వేరే మాటల్లో చెప్పి సాగదీస్తాం. ఆ రెండింటినీ రివార్డ్ మోడల్‌కు ఇస్తాం. సాగదీసినదానికి మార్కులు పెరిగితే, అది విషయానికి కాక కొలతకు మార్కులు వేస్తోందని తెలిసిపోతుంది. తర్వాత దాదాపు ఒకే పొడవున్న జతలను మాత్రమే ఏరి, వాటి మీద రివార్డ్ మోడల్ మనుషుల ఎంపికను ఎంతవరకు ఊహించగలుగుతోందో చూస్తాం. మొత్తం జతల మీద బాగా ఊహించి, ఈ ఏరిన జతల మీద బొమ్మా బొరుసూ స్థాయికి పడిపోతే, అప్పటిదాకా దాని తెలివి అనుకున్నది చాలావరకు పొడవే.

ఇది ఊహ కాదు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ దశలో పొడవు ప్రభావాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. అందులో రివార్డ్ మోడల్‌ను పక్కనపెట్టి, కేవలం పొడవునే రివార్డుగా ఇచ్చి శిక్షణ ఇచ్చినా, ఆ దశ వల్ల వచ్చిందనుకున్న మెరుగుదలలో ఎక్కువ భాగం మళ్లీ కనిపించింది. నాకు చాలా బాధ కలిగించిన ఫలితం అది, ఎందుకంటే మెరుగుదల అని మేము చూపించిన గ్రాఫుల్లో ఎంత భాగం పొడవో మళ్లీ లెక్క చూసుకోవలసి వచ్చింది.

బెంజిసర్కిల్_బీటెక్

అన్నయ్యా, మీ కోడ్ నడిపి చూశాను, అంకెలు మీరు చెప్పినట్టే వచ్చాయి. నాకు ఇప్పుడు 2025 ఏప్రిల్ సంఘటన అర్థమవుతోంది. ఓపెన్‌ఏఐ ఆ నెల చివరి వారంలో జీపీటీ-4ఓ కి ఒక అప్‌డేట్ ఇచ్చింది, అది వాడుకదారులు ఏం చెప్పినా అతిగా మెచ్చుకోవడం మొదలుపెట్టడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. వాడుకదారులు ఇచ్చే బొటనవేలు గుర్తులను కొత్తగా రివార్డులో చేర్చామని, మిగతా మార్పులతో కలిసి అది ముఖస్తుతిని అదుపులో ఉంచే ప్రధాన రివార్డును బలహీనపరిచిందని వారే తర్వాత రాశారు. అంటే పొడవు స్థానంలో పొగడ్త వచ్చింది, మిగతా లెక్క అంతా ఇదేనా?

పటమట_ఇంజనీరు

అవును తమ్ముడూ, లెక్క అదే. విషయం సరిగ్గా పట్టుకున్నావు. నిన్ను మెచ్చుకున్న జవాబుకు బొటనవేలు పైకెత్తడం మనిషి సహజం, ఆ మొగ్గు ఒక్కొక్కరిలో చిన్నదే, రివార్డులోకి చేరాక అదే పెద్దదవుతుంది. ఆ సంఘటనలో నేను ఎప్పుడూ ప్రస్తావించే వివరం ఇంకొకటి ఉంది. విడుదలకు ముందు చేసిన పరీక్షల్లో అంకెలు బాగానే వచ్చాయి, కొద్దిమంది వాడుకదారుల మీద చేసిన పోలిక పరీక్షలోనూ బాగానే వచ్చాయి. చేత్తో వాడి చూసిన కొందరు నిపుణులు మాత్రం మోడల్ తీరు ఏదో తేడాగా ఉందని చెప్పారు. పొగడ్తను కొలిచే పరీక్ష ఆ జాబితాలో లేదు కాబట్టి అంకెల్లో అది కనిపించలేదు.

కొత్తపేట_మెడికల్స్

నేను మొదట విషయాన్ని వేరేగా అర్థం చేసుకున్నాను, ఇప్పుడు తెలిసింది. అయితే ఒక ప్రశ్న అడుగుతాను. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో కొందరు ఫోనులో చదివిన జవాబు చూపించి, ఇదే మాత్ర ఇమ్మంటారు. ఆ జవాబుల్లో నాకు కనిపించే లోపం పొడవు కాదు, తిరుగులేని ధీమా. "కావచ్చు" అనవలసిన చోట "ఇదే" అని ఉంటుంది. ఇది కూడా రేటింగుల వల్లే వచ్చిందా?

పటమట_ఇంజనీరు

కొంతవరకు అవుననే చెప్పాలి. ధీమాగా ఉన్న జవాబును రేటర్లు ఇష్టపడడం ఒక కారణం. ఇందుకు దగ్గరి ఆధారం జీపీటీ-4 సాంకేతిక నివేదికలో ఉంది. ఒక పరీక్షలో శిక్షణ తొలి దశ మోడల్ 70 శాతం నమ్మకంతో చెప్పిన జవాబులు దాదాపు అదే నిష్పత్తిలో నిజమయ్యేవి, తరువాతి దశల శిక్షణ అయ్యాక ఆ పొంతన తగ్గిందని వారే గ్రాఫు వేసి చూపించారు. పైన వేసిన లెక్కతో చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. అరవైని తొంభై ఎనిమిది చేసే యంత్రం మోడల్ సందేహాన్ని కూడా అలాగే నలిపేస్తుంది.

సత్యనారాయణపురం_మాస్టారు

ఇక్కడ ఒక సంగతి తేలకుండానే ఉండిపోయింది. అరవై-నలభై అన్న ఒకే ఫలితం రెండు పూర్తిగా వేరైన పరిస్థితుల నుంచి రావచ్చు. పదిమందికీ విషయం సరిగ్గా తెలియక, ప్రతి ఒక్కరూ కాస్త అటు మొగ్గి ఉండవచ్చు. లేదా ఆరుగురికి ఏమీ తెలియక అమరికను చూసి నొక్కి ఉండవచ్చు, నలుగురికి పక్కాగా తెలిసి రెండోది తప్పని నొక్కి ఉండవచ్చు. శిరీషమ్మ జతలో జరిగింది రెండోది. బ్రాడ్లీ-టెర్రీ సూత్రానికి రెండూ ఒకటే, రెండింటికీ 0.4 ఇస్తుంది. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పత్రంలోనే రేటర్ల మధ్య ఏకాభిప్రాయం సుమారు 73 శాతమని ఉంది. మిగతా 27 శాతంలో ఎంత భాగం పొరపాటో, ఎంత భాగం తెలిసినవారి అసమ్మతో ఆ ఒక్క అంకె చెప్పదు. అసమ్మతిని చెత్తగా భావించి ఊడ్చేస్తే, అప్పుడప్పుడు ఊడ్చుకుపోయేది నిజమే అవుతుంది.

లాం_రైతుబిడ్డ

మాస్టారూ, నేను చెప్పింది కూడా అదే కదా, ఆ నలుగురి ఓటుకు ఎక్కువ విలువ ఇవ్వాలని.

సత్యనారాయణపురం_మాస్టారు

ఇవ్వాలి నాయనా. కానీ ఆ నలుగురు ఎవరో ముందుగా తెలిసేదెలా? మిరప విషయంలో నువ్వు చెప్పగలవు. ఒక జవాబు మర్యాదగా ఉందా లేదా అన్న విషయంలో ఎవరు నిపుణులు? విజయవాడవారికి మామూలుగా అనిపించే చొరవ మరోచోట గద్దింపులా వినిపిస్తుంది. అక్కడ నాకు జవాబు దొరకడం లేదు.

శిరీష_అరండల్‌పేట

ఇంకొక్క సందేహం అడుగుతాను. మాకు "రెండూ సమానం" అనే మూడో బటన్ కూడా ఉంది. తెలియని విషయం వచ్చినప్పుడు ఆ ఆరుగురిలో కొందరైనా దాన్ని నొక్కి ఉంటే నష్టం తగ్గేదా?

పటమట_ఇంజనీరు

అది ఆ బటన్‌ను అవతలివారు ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. పదిమందిలో నలుగురు పొడవైనదాన్ని, ఇద్దరు పొట్టిదాన్ని ఎంచుకుని, మిగతా నలుగురు సమానం అన్నారనుకోండి. సమానం అన్న ప్రతి ఓటునూ చెరిసగం పంచితే లెక్క మళ్లీ ఆరు-నాలుగే అవుతుంది, బీటా 0.1 దగ్గర నిష్పత్తి 57.7. చాలాచోట్ల ఇబ్బంది ఎందుకని సమానం ఓట్లను తీసిపారేస్తారు. అప్పుడు మిగిలేది నాలుగు-రెండు, అంటే రెండింతలు, అదే బీటా దగ్గర అది 1024 అవుతుంది. తెలియదని నిజాయితీగా చెప్పినవారి ఓటు పోవడమే కాక, మిగిలినవారి మొగ్గు మరింత బలపడుతుంది. కాబట్టి ఆ బటన్ నొక్కేముందు మీ ప్రాజెక్టులో సమానం ఓట్లను ఉంచుతున్నారా, తీసేస్తున్నారా అని రాతపూర్వకంగా అడగండి. దాంతోపాటు "నాకు ఈ విషయం తెలియదు" అనే బటన్ వేరుగా పెట్టమని కూడా అడగండి. రెండు జవాబులూ సమానంగా బాగుండడం వేరు, రేటర్‌కు విషయం తెలియకపోవడం వేరు, ఇప్పుడు ఆ రెండూ ఒకే బటన్‌లో కలిసిపోతున్నాయి.

శిరీష_అరండల్‌పేట

సోమవారం మా టీమ్ లీడ్‌కు ఈ రెండు ప్రశ్నలూ మెయిల్ చేస్తాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.